సెర్చ్ బాక్సు చూపించేవన్నీ జనానికి దొరకనివేనా? ఎలా తేల్చుకోవాలి?

పట్టికలపిచ్చి

నేను స్ప్రెడ్‌షీట్ టెంప్లేట్లు తయారుచేసి ఆన్‌లైన్‌లో పెడుతుంటాను. ఈసారి షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్లకి పనికొచ్చేది చేద్దామనుకున్నా. గూగుల్‌లో `shift schedule` అని కొట్టి, కింద రాలిన సజెషన్లన్నీ, `People also ask` పెట్టెలో ఉన్న ప్రశ్నలన్నీ ఒక షీట్‌లోకి ఎక్కించాను. చాంతాడంత జాబితా అయింది.

ఇప్పుడు దాన్ని ముందేసుకుని కూర్చున్నా. ఇందులో ఏది జనం వెతికినా దొరక్క తిరుగుతున్నది, ఏది ఎప్పుడో ఎవరో చేసి పెట్టేసింది? జాబితా చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి. తెలిసినవాళ్లు దారి చెప్పండి.

సూటిగా_రాజు

ఇందులో అంత ఆలోచించడానికేం లేదు బ్రదర్. సజెషన్‌లో వచ్చిందంటే జనం వెతుకుతున్నట్టు. `People also ask`లో ఉందంటే జనం అడుగుతున్నారు, జవాబు దొరకట్లేదు అని. ఇక ఆ మాట కొట్టి రిజల్టులు ఎన్ని వచ్చాయో చూడు. కోట్లలో వస్తే వదిలెయ్, వేలల్లో వస్తే పట్టుకో. నేనెప్పుడూ ఇంతే చేస్తా.

వెతుకుడుబండి

రాజు గారు చెప్పిన మొదటి ముక్క నిజమే. సజెషన్లు జనం నిజంగా కొట్టిన మాటల నుంచే వస్తాయి, గూగుల్ కూడా అదే చెబుతుంది. భాష, ఉన్న చోటు, అప్పటికప్పుడు ఊపందుకున్న విషయాలు, మన పాత వెతుకులాటలు కూడా కలుస్తాయి. హింస, ద్వేషం లాంటివి వాళ్ల నియమాల ప్రకారం తీసేస్తారు. కాబట్టి సజెషన్ రాలేదు కనక ఎవరూ వెతకట్లేదు అనుకోడానికి మాత్రం వీల్లేదు.

రెండో ముక్కతోనే పేచీ. `People also ask`లో ఒక ప్రశ్న మీద నొక్కి చూడండి. కింద ఏదో ఒక పేజీలోంచి తెచ్చిన జవాబు తెరుచుకుంటుంది. అంటే ఆ పెట్టెలో కనిపించే ప్రశ్న ఏదో ఒక జవాబుతోనే వస్తోంది. ఆ జవాబు బాగుందా, అడిగినదానికి సరిపోయిందా అన్నది వేరే సంగతి. మనం చూడాల్సింది ఆ వేరే సంగతినే.

రిజల్టుల సంఖ్యని అసలు పట్టించుకోకండి. అది ఉజ్జాయింపు. పేజీలు తిప్పుకుంటూ పోతే మారిపోతుంది. కోటి పేజీల్లో ఒక్కటీ పనికిరాకపోవచ్చు, పది పేజీల్లో మొదటిదే సరిగ్గా సరిపోవచ్చు.

పట్టికలపిచ్చి గారూ, మీ జాబితాలో రెండూ ఒకేలా కనిపించడానికి కారణం ఇదే. సజెషన్ చెప్పేది జనానికి ఏం కావాలో, అంతే. దొరికిందో లేదో ఆ మాటలో ఉండదు. దానికి రిజల్టుల పేజీ తెరిచి చదవాల్సిందే, అడ్డదారి లేదు.

ఇంకోటి, `shift schedule` అన్నది చాలా పైపై మాట. అలాంటి మాటకి వచ్చే సజెషన్లు అందరికీ తెలిసినవే. అసలు సరుకు తోకలో ఉంటుంది. ఒకడు ఏదో కొడతాడు, వచ్చింది నచ్చదు, ఇంకో మాట తగిలించి మళ్లీ కొడతాడు. ఆ తగిలించిన మాట దగ్గరే వాడి అసంతృప్తి బయటపడుతుంది. కాబట్టి మీ మాట తర్వాత `for`, `without`, `with`, `that` లాంటివి పెట్టి, ఖాళీ వదిలి, ఏమొస్తుందో చూడండి. కర్సర్‌ని వాక్యం మధ్యకి తెచ్చినా సజెషన్లు మారతాయి, అది చాలామందికి తెలీదు. లాగిన్ లేకుండా ప్రైవేట్ విండోలో చేయండి, లేకపోతే మీరు పొద్దుట వెతికిందే మీకు సజెషన్‌గా వచ్చి మురిపిస్తుంది. అప్పుడు కూడా మీరున్న చోటు ప్రభావం పూర్తిగా పోదు.

చేత్తో కొట్టే ఓపిక లేకపోతే బ్రౌజర్లో ఇది పెట్టండి:

```
https://suggestqueries.google.com/complete/search?client=firefox&hl=en&gl=us&q=2+2+3+schedule+for+
```

`hl` భాష, `gl` దేశం. ఇది అధికారికంగా ఇచ్చిన సదుపాయం కాదు, కాబట్టి ఎప్పుడైనా ఆగిపోవచ్చు. స్క్రిప్టు రాసి వరసగా బాదితే అడ్డుకుంటుంది కూడా.

అరవింద్_వెబ్

మంచి టాపిక్. నాదీ ఇదే సమస్య. నా సైటు పేరు సగం కొడితే సజెషన్‌లో రావట్లేదు, ఇంకెవరిదో వస్తోంది. స్నేహితులందరి చేతా రోజూ వెతికించాను. ఎన్నాళ్లు చేస్తే వస్తుంది?

వెతుకుడుబండి

అరవింద్ గారూ, అది వేరే సమస్యండి. ఇక్కడ మాట్లాడుతున్నది సజెషన్‌లోకి ఎక్కడం గురించి కాదు, అందులోంచి ఏం చదవచ్చన్న దాని గురించి. స్నేహితులని మాత్రం వదిలేయండి పాపం.

పట్టికలపిచ్చి

మీరు చెప్పినట్టే చేశాను. పైపై మాట వదిలేసి, `2 2 3 schedule` తీసుకున్నా. తెలియనివాళ్లకి: రెండు రోజులు డ్యూటీ, రెండు రోజులు సెలవు, మూడు రోజులు డ్యూటీ, మళ్లీ రెండు సెలవు, రెండు డ్యూటీ, మూడు సెలవు. పద్నాలుగు రోజుల చుట్టు. షిఫ్టు పన్నెండు గంటలు. ఇరవై నాలుగ్గంటలూ నడిచే చోట నాలుగు టీములతో తిప్పుతారు.

తోకల్లో నాకు ఆసక్తిగా అనిపించినవి మూడు:

`2 2 3 schedule how many hours`
`2 2 3 schedule calculator`
`2 2 3 schedule google calendar`

మొదటిదే గట్టిగా ఉన్నట్టుంది. `People also ask`లో కూడా రకరకాల మాటల్లో అదే ప్రశ్న. దాని మీద ఒక వివరమైన షీట్ చేయనా?

వెతుకుడుబండి

చేయకండి. ఎందుకో మూడింటినీ వరసగా చూద్దాం.

మొదటిది కొట్టండి. పద్నాలుగు రోజుల్లో ఏడు షిఫ్టులు, షిఫ్టుకి 12 గంటలు, మొత్తం 84, వారానికి సగటున 42. ఈ లెక్క మొదటి రిజల్టులోనే ఉంటుంది, రెండో దాంట్లోనూ ఉంటుంది, పెట్టెలో నొక్కినా అదే. జనం బోలెడుమంది అడుగుతున్నారు, అడిగిన ప్రతివాడికీ అర నిమిషంలో దొరుకుతోంది. అడిగేవాళ్లు ఎక్కువైతే కొరత ఉన్నట్టు కాదు. నిజానికి జవాబు సులువుగా దొరికే ప్రశ్నలే ఈ పెట్టెలో ఎక్కువగా కనిపిస్తాయని నా అనుభవం.

రెండోది `calculator`. ఇది జిత్తులమారి మాట. ఏం లెక్కపెట్టాలని? ఓవర్‌టైమ్ డబ్బులా, గంటలా, ఫలానా తేదీన డ్యూటీ ఉందా లేదా అనా? మాటలో లేదు. రిజల్టులు తెరిస్తే మూడు రకాలూ కలగాపులగంగా వస్తే, గూగుల్‌కి కూడా తేలలేదని అర్థం. అలాంటప్పుడు వెనక్కి వెళ్లి ఇంకో మాట చేర్చి చూడాలి. `calculator pay`, `calculator date`, దేనికి సజెషన్లు సాగుతున్నాయో, ఏది అక్కడే ఆగిపోతోందో చూడండి.

మూడోది నాకు నచ్చింది. పైనున్న రిజల్టులు తెరిచి, ప్రతిదానికీ ఒక్కటే ప్రశ్న వేసుకోండి: ఇది కొట్టినవాడు ఈ పేజీ మూసేశాక పని అయిపోయిందని లేస్తాడా, మళ్లీ వెతుకుతాడా? నేను ఇప్పుడే చూసినవి చెబుతున్నా. కొన్ని అసలు 2-2-3 అంటే ఏమిటో వివరించే వ్యాసాలు. కొన్ని కంపెనీలకి అమ్మే షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ ప్రకటనలు. కొన్ని డౌన్‌లోడ్ చేసుకునే ఎక్సెల్ పట్టికలు, నాలుగు టీములూ ఒకే కాగితం మీద ఉండేవి. ఒకటి రెండు ఫోరమ్ ప్రశ్నలు, సంవత్సరాల నాటివి, కింద జవాబుగా 'నేనైతే ఒక్కోటీ చేత్తో ఎక్కించుకుంటా' అని. క్యాలెండర్ అన్న మాటకి సరిగ్గా సరిపోయే పేజీ తక్కువ. కొన్ని రిజల్టుల కింద `Missing:` అని రాసి, మనం కొట్టిన పదాన్ని కొట్టేసి చూపిస్తుంది చూశారా? నువ్వు అడిగిన ఈ మాట ఈ పేజీలో లేదు అని గూగులే ఒప్పుకోవడం అది. సరైనవి లేనప్పుడు నేరుగా సరిపోలేవి పెద్దగా లేవని చెప్పే సందేశం కూడా 2020 నుంచి ఇస్తున్నారు, కానీ అది చాలా అరుదైన మాటలకే వస్తుంది.

మూడోషిఫ్టు

నేను ఇక్కడ రాయడం తక్కువ, చదవడమే ఎక్కువ. కానీ ఇది నా గొడవే కాబట్టి చెబుతున్నా.

ఆ మాటలు కొట్టేవాళ్లలో నేనొకణ్ణి. నాకు పట్టిక అక్కర్లేదు. పట్టిక మా సూపర్‌వైజర్ గోడకి అంటిస్తాడు, ఏ టీము ఎప్పుడు, బీ టీము ఎప్పుడు అని. నాకు కావాల్సింది నా ఒక్కడి డ్యూటీ, నా ఫోన్లో. మూడు నెలల తర్వాత ఫలానా శనివారం ఖాళీయేనా అని ఇంట్లో అడుగుతారు, వెంటనే చెప్పాలి. వచ్చే టెంప్లేట్లన్నీ మేనేజర్ల కోసం చేసినవే. ప్రారంభ తేదీ మార్చుకోనివ్వనివి సగం.

ఇంకోటి మీ సజెషన్లలో ఎప్పటికీ కనిపించదు. నైట్ షిఫ్టు సాయంత్రం ఏడుకి ఎక్కి పొద్దున్న ఏడుకి దిగుతాం. క్యాలెండర్లో అది రెండు రోజుల మీద పడుతుంది. దిగిన రోజు 'సెలవు' అని ఉంటుంది, కానీ ఆ రోజు నేను నిద్రపోతూ ఉంటా. ఇంట్లోవాళ్లు దాన్ని సెలవే అనుకుంటారు. దీన్ని ఏమని కొట్టి వెతకాలో నాకే తెలీదు.

వెతుకుడుబండి

ఈ చివరి వాక్యం అందరూ రెండోసారి చదవండి. ఏమని కొట్టాలో తెలియని అవసరం సెర్చ్ బాక్సులో కనిపించదు. సజెషన్ల పరిమితి అదే. సమస్యకి పేరు ఉన్నవాళ్లనే అది చూపిస్తుంది. అందుకే సజెషన్ని నేను ఎక్కడ తవ్వాలో చెప్పే గుర్తుగా మాత్రమే వాడతాను. తవ్వాక ఫోరమ్‌లో మనిషి సొంత మాటల్లో రాసింది చదవాలి.

నిదానం

ఇంతసేపూ చదివాను, ఒక అనుమానం. ఫోరమ్ పేజీ పైన వచ్చిందంటే సరైన పేజీ లేదు కాబట్టే అని పాతవాళ్లందరూ చెబుతారు. ఇది 2023కి ముందు మాట. ఆ తర్వాత గూగుల్ కావాలనే ఫోరమ్‌లకి పెద్దపీట వేయడం మొదలుపెట్టింది. ఇప్పుడు మంచి పేజీలు ఉన్న విషయాలకి కూడా రెడిట్ చర్చలు పైకి వస్తున్నాయి. కాబట్టి ఆ గుర్తు ఇప్పుడు సగం విలువది.

ఇంకా, సజెషన్‌కి దానంతటదే పెరిగే గుణం ఉంది. కింద కనిపించింది కాబట్టి నొక్కుతారు, నొక్కారు కాబట్టి మళ్లీ కనిపిస్తుంది. అందులో ఎంత నిజమైన కోరిక, ఎంత బద్ధకం?

వెతుకుడుబండి

ఫోరమ్‌ల విషయంలో మీతో ఏకీభవిస్తున్నా. అందుకే నేను ఫోరమ్ పేజీ పైన ఉందా అని చూడను, అందులో ఏముందో చూస్తా. అడిగినవాడికి జవాబు దొరికి 'థాంక్స్, పని జరిగింది' అని ఉంటే కొరత తీరినట్టు. 'నాకూ ఇదే సమస్య', 'దొరికితే చెప్పండి' అంటూ ఏళ్ల తరబడి సాగుతుంటే అది గట్టి గుర్తు. ఇప్పటికీ ఇది పనిచేస్తోంది.

రెండో దానికి నా దగ్గర సరైన జవాబు లేదు. తోక పొడవయ్యేకొద్దీ బద్ధకం పాలు తగ్గుతుందని నా నమ్మకం. ఐదారు మాటలు ఉన్న సజెషన్‌ని ఎవరూ సరదాకి నొక్కరు. కానీ దీన్ని కొలిచే మార్గం మనకి బయటి నుంచి లేదు.

నిదానం

నమ్మకానికి ఏముంది లెండి. నాకైతే అది కూడా అనుమానమే. ఐదారు మాటలవి కూడా రెండు మాటలు కొట్టగానే కింద వచ్చేస్తుంటే ఎవడైనా నొక్కుతాడు.

శైలజ_హెల్ప్‌డెస్క్

నేను ఒక సాఫ్ట్‌వేర్‌కి సహాయ పేజీలు రాస్తాను. గూగుల్ దాకా వెళ్లకముందే చూడాల్సిన చోటు ఒకటి ఉంది, మన సైటులోనే ఉన్న వెతికే పెట్టె. జనం అక్కడ కొట్టి, సున్నా రిజల్టులు వచ్చినవన్నీ మా లాగ్‌లో పడతాయి. బయటి సజెషన్‌లో దొరికిందో లేదో ఊహించాలి, ఇక్కడ ఆ ఊహ అక్కర్లేదు, దొరకలేదని రాసే ఉంటుంది.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. సున్నాల్లో ఎక్కువ భాగం మేం పెట్టిన పేరు ఒకటి, జనం వాడే పేరు ఇంకోటి కావడం వల్ల వచ్చినవే. పేజీ ఉంది, వాళ్ల మాట అందులో లేదు, అంతే. దాన్ని కొరత అనుకుని కొత్తగా రాస్తే ఒకే సంగతి మీద రెండు పేజీలు తయారవుతాయి. ముందు వాళ్ల మాటని ఉన్న పేజీలోకి తెచ్చి చూడాలి.

సెర్చ్ కన్సోల్‌లో కూడా ఇలాంటిది దొరుకుతుంది. మన పేజీ ఎక్కువసార్లు కనిపించి, నొక్కినవాళ్లు దాదాపు లేని క్వెరీలు చూడండి. చాలాసార్లు అవి మన పేజీ జవాబివ్వని ప్రశ్నలే. మరీ తక్కువమంది కొట్టిన క్వెరీలని గోప్యత కోసం అందులో చూపించరు, కాబట్టి అది కూడా పూర్తి చిత్రం కాదు.

సూటిగా_రాజు

సరే, రిజల్టుల సంఖ్య మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఒకటి అడుగుతా. దొరకనిదల్లా చేసిపెట్టదగ్గదేనా? నేను ఫైల్ రికవరీ మీద సైటు నడుపుతా. బ్యాకప్ లేకుండా, ఫ్యాక్టరీ రీసెట్ చేసిన ఫోన్లోంచి ఫోటోలు తేవడం ఎలా అని జనం తెగ కొడతారు. సరైన జవాబున్న పేజీ ఒక్కటీ లేదు. మీ లెక్క ప్రకారం అది బంగారు గని.

వెతుకుడుబండి

మంచి ఉదాహరణ తెచ్చారు. ఈ కాలం ఫోన్లలో మెమరీ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, రీసెట్‌తో తాళం చెవి పోతుంది. కాబట్టి అక్కడ ఖాళీ ఉండటానికి కారణం ఎవరూ చేయకపోవడం కాదు, చేయడం కుదరకపోవడం. ఇలాంటి ఖాళీలోకే తప్పుడు సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు దూరుతారు. మంచి సమాచారం లేని ఇలాంటి వెతుకులాటలకి 2018లో మైక్రోసాఫ్ట్ బింగ్‌లో పనిచేసిన మైఖేల్ గోలెబ్యూస్కీ 'డేటా వాయిడ్' అని పేరు పెట్టారు. డానా బాయిడ్‌తో కలిసి, ఆ ఖాళీలని దురుద్దేశంతో ఎలా నింపుతారో రాశారు. అక్కడ మీరు రాయదగ్గ పేజీ ఒకటే: 'కుదరదు, కారణం ఇది, క్లౌడ్‌లో ఏమైనా మిగిలిందేమో ఇలా చూసుకోండి'. జనానికి నచ్చకపోయినా నిజం అదే.

కాబట్టి ఖాళీ కనిపించగానే దానికి కారణం వెతకాలి. కుదరనిదా? ఉచితంగా కావాలంటున్నారు కాబట్టి ఎవరూ చేయట్లేదా? లేక చేయగలవాళ్ల దృష్టి అటు పడలేదా? మూడోది అయితేనే దిగాలి. మూడోషిఫ్టు గారిది మూడో రకం. టెంప్లేట్లు కొనేది మేనేజర్లు కాబట్టి, అందరూ మేనేజర్ల కోసమే చేశారు.

పట్టికలపిచ్చి

బాగా అర్థమైంది. ఒకటే భయం. గూగుల్ ట్రెండ్స్‌లో `2 2 3 schedule google calendar` పెడితే గీత నేలకి అంటుకుపోయింది, అన్నీ సున్నాలే. అంటే ఎవరూ వెతకట్లేదా?

వెతుకుడుబండి

ట్రెండ్స్ అసలు సంఖ్యలు ఇవ్వదు. మీరు ఎంచుకున్న కాలంలో అత్యధికాన్ని 100 చేసి, మిగతావి దానితో పోల్చి చూపిస్తుంది. వెతుకులాటలు ఒక స్థాయికి తక్కువైతే సున్నా అనేస్తుంది. అది 'ఎవరూ లేరు' కాదు, 'చూపించేంత లేరు'. ఇలాంటి పొడుగు తోకలకి ట్రెండ్స్ పనికిరాదు. `2 2 3 schedule` అన్న మొదలు మాటకి పెట్టండి, ఏళ్ల మీద నిలకడగా ఉందా, తగ్గిపోతోందా అని తెలుస్తుంది. అంతవరకే దాని ఉపయోగం. కీవర్డ్ ప్లానర్‌లో అంకెలు వస్తాయి, కానీ ప్రకటనలకి డబ్బు పెట్టనివాళ్లకి వందా, వెయ్యా అన్నంత వెడల్పు పరిధులే ఇస్తుంది.

జవాబు దొరకని ప్రశ్నలని సేకరించి, రాసేవాళ్లకి అందించడానికి గూగులే క్వశ్చన్ హబ్ అని ఒకటి నడిపింది. మనకి సరిగ్గా కావాల్సింది అదే. 2023లో మూసేశారు.

పట్టికలపిచ్చి

సరే, దిగాను. షీట్ ఇలా పెట్టా. `B1`లో మీ చుట్టులో మొదటి డ్యూటీ రోజు, `A2` నుంచి కిందకి తేదీలు. 1 అంటే డ్యూటీ:

```
=CHOOSE(MOD(A2-$B$1,14)+1,1,1,0,0,1,1,1,0,0,1,1,0,0,0)
```

ఫోన్ క్యాలెండర్ కోసం దీన్నుంచి ఒక `.ics` ఫైలు కూడా చేశా. చుట్టులో ఉన్న ఏడు డ్యూటీలకి ఏడు ఈవెంట్లు, ఒక్కోటీ పద్నాలుగు రోజులకోసారి తిరిగొచ్చేలా:

```
RRULE:FREQ=DAILY;INTERVAL=14
```

నైట్‌లకి దిగిన రోజున మధ్యాహ్నం రెండు దాకా 'నిద్ర' అని వేరే ఈవెంట్ పెట్టా. మూడోషిఫ్టు గారూ, మీరు చూసి చెబుతారా?

మూడోషిఫ్టు

'నిద్ర' ఈవెంట్ అదిరింది. షీట్‌లో తేదీలు నా డ్యూటీతో కలుస్తున్నాయి, ఆర్నెల్ల ముందుకి చూశా.

రెండు చిక్కులు. మాకు నాలుగు వారాలకోసారి డే, నైట్ మారతాయి. అది పద్నాలుగులో పట్టదు. రెండోది, మీ ఫైలు గూగుల్ క్యాలెండర్ యాప్‌లో ఎక్కట్లేదు. ఇంపోర్ట్ అన్న ఆప్షనే కనబడలేదు.

శైలజ_హెల్ప్‌డెస్క్

ఫోన్ యాప్‌లో ఇంపోర్ట్ లేదండి. కంప్యూటర్ బ్రౌజర్లో గూగుల్ క్యాలెండర్ తెరిచి ఎక్కించాలి, తర్వాత ఫోన్లో దానంతటదే కనిపిస్తుంది. ముందుగా కొత్త క్యాలెండర్ ఒకటి తెరిచి అందులోకి ఎక్కించండి. లేకపోతే రేపు తీసేయాలంటే ఒక్కోటీ ఏరుకోవాలి.

మూడోషిఫ్టు

నా దగ్గర కంప్యూటర్ లేదు. మా టీములో చాలామందికి లేదు.

పట్టికలపిచ్చి

మొదటిది సులువే, చుట్టుని 56 రోజులకి పొడిగిస్తే నాలుగు వారాల డే, నాలుగు వారాల నైట్ పడతాయి. ఈవెంట్లు 28 అవుతాయి, `INTERVAL=56`. రేపు పెడతా.

రెండోది నాకు తట్టలేదు. ఇంతమంది వెతికినా ఎవరూ సరైనది చేయలేకపోవడానికి ఇదే అడ్డం అయ్యుంటుందా?

వెతుకుడుబండి

అయ్యుండొచ్చు. `import ics` తర్వాత `on phone`, `without computer` పెట్టి సజెషన్లు చూడండి. వచ్చిన పేజీల్లో ఏది నిజంగా ఫోన్లో పనిచేస్తుందో మూడోషిఫ్టు గారి చేతే చేయించి చూడాలి. చదివి తేల్చే పని కాదు ఇది.